చూపించడానికి ఒక్క పనీ లేనప్పుడు గంటకు ఎంత అడగాలి?

గుంటూరులో ఉంటాను, వయసు 24. ఏడాది పాటు గ్రాఫిక్ డిజైన్ కోర్సు చేశాను. ఉద్యోగంలో చేరకుండా సొంతంగా పని చేద్దామనుకుంటున్నాను. ఇప్పటిదాకా క్లయింటుకు చేసిన పని ఒక్కటీ లేదు. గంటకు 100తో మొదలుపెట్టమని ఒకరు, 1,000కి తగ్గవద్దని ఇంకొకరు చెబుతున్నారు. బంధువుల ద్వారా ఒక పచ్చళ్ల వ్యాపారి తన మూడు రకాలకు లేబుళ్లు కావాలని, ఎంత అవుతుందని అడిగారు. ఆయనకు ఏం చెప్పాలి?

ఆయనకు ఈ రోజు ఏ అంకె చెప్పకండి. "సీసా ఒకటి, ఇప్పుడు వాడుతున్న లేబుల్ ఒకటి పంపండి, చూసి రెండు రోజుల్లో చెబుతాను" అనండి. ఆ రెండు రోజుల్లో చేయాల్సిన లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ 100 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మీకు సలహా ఇచ్చినవారు తెలిసో తెలియకో జీతం లెక్క వేశారు. నెలకు 18,000 వస్తే చాలు, నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 200 గంటలు. భాగిస్తే 90. గుండ్రంగా 100. ఈ లెక్కలో రెండు పెద్ద తప్పులున్నాయి. జీతగాడికి కంప్యూటరు, సాఫ్ట్‌వేరు, కరెంటు, ఇంటర్నెట్ యజమాని ఇస్తాడు. పని లేని రోజున కూడా జీతం పడుతుంది. సొంతంగా చేసేవారికి ఈ రెండూ ఉండవు.

నేను కొన్ని అంకెలు వేస్తాను, మీవి మీరు మార్చుకోండి. ఇంట్లో ఇచ్చేదీ సొంత ఖర్చూ కలిపి 18,000 అనుకుందాం. 60,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 1,250. ఇంటర్నెట్, ఫోను కలిపి 800. సాఫ్ట్‌వేరుకు 2,000. కరెంటుకు, ఇన్వర్టర్ బ్యాటరీకి 700. ప్రెస్సు దగ్గరికి తిరగడానికి, నమూనా ప్రింట్లు తీయడానికి 750. పని ఖర్చే 5,500 అయింది. డబ్బు ఎగ్గొట్టేవారి కోసం, జ్వరం వచ్చి పడుకునే వారం కోసం ఇంకో 2,500 పక్కన పెట్టండి. మొత్తం 26,000.

ఇక గంటలు. 200 గంటలూ ఎవరూ డబ్బులివ్వరు. పని వెతకడం, ఫోన్లు, బిల్లు పంపి గుర్తుచేయడం, కొత్తవి నేర్చుకోవడం, పాత ఫైళ్లు సర్దుకోవడం, ఇవన్నీ మీ పనే కానీ ఎవరి బిల్లులోనూ పడవు. ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్న నాకే బిల్లు వేయదగిన గంటలు సగానికి కొంచెం పైన ఉంటాయి. కొత్తవారు 80 గంటలకు మించి వేసుకోకూడదని నా అభిప్రాయం. 26,000ను 80తో భాగిస్తే 325. దాన్ని 350 చేయండి. మీ మొదటి గంట రేటు అది. అంతకు తగ్గితే మీ సొంత డబ్బుతో ఇతరులకు పని చేసిపెడుతున్నట్టు.

ఒక మెలిక ఉంది. మొదటి మూడు నాలుగు నెలలు 80 గంటల పని కూడా దొరకదు, 30 దొరికితే గొప్ప. అప్పుడు 26,000ను 30తో భాగించి 870 అడగాలనిపిస్తుంది. బహుశా 1,000 చెప్పినవారి లెక్క ఇలాగే పుట్టి ఉంటుంది. మీకు పని దొరకని గంటల ఖర్చును దొరికిన ఒక్క క్లయింటు మీద వేస్తే ఆయన ఎందుకు భరిస్తాడు? 30 గంటలకు 350 చొప్పున 10,500 వస్తుంది. తక్కువ పడిన 15,500 మీ పెట్టుబడి. కిరాణా కొట్టు పెట్టేవారు ముందు సరుకు కొన్నట్టే ఇదీ. మూడు నెలలకు 45,000 పైచిలుకు చేతిలో లేకపోతే, పూట ఉద్యోగం ఒకటి చూసుకుని మిగతా పూట ఈ పని చేయండి. చేతిలో డబ్బు లేక ఆందోళనలో చెప్పిన రేటు ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. చూపించడానికి పని లేదు కాబట్టి రేటు తగ్గించాలని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. పాత పని లేకపోవడం వల్ల మీకు తెలియకుండా పోయింది మీ రేటు కాదు, మీ గంటలు. ఒక లేబుల్ చేయడానికి మీకు 6 గంటలు పడుతుందో 16 పడుతుందో ఇంకా మీకే తెలియదు. అది తెలియకుండా గంటకు 350 అన్నా 3,500 అన్నా ఆ అంకెకు అర్థం లేదు. పైగా మన ఊళ్లలో గంట రేటు అడిగే క్లయింటు దాదాపు ఉండడు. "లేబుల్‌కు ఎంత?", "లోగోకు ఎంత?" అనే అడుగుతాడు. గంట రేటు మీ పుస్తకంలో ఉండే అంకె. బయటికి వెళ్లేది దాన్ని గంటలతో గుణించిన ధర.

గంటలు తెలుసుకునే దారి ఒకటే. ఆ పనిని ముందు మీకోసం మీరు ఒకసారి చేయడం. ఈ రోజే కిరాణా కొట్టుకు వెళ్లి ఒక పచ్చడి సీసా కొనండి. లేని బ్రాండు పేరు ఒకటి కల్పించుకుని దానికి లేబుల్ మొదటి నుంచి చివరి దాకా చేయండి. ఫోనులో గడియారం పెట్టుకుని, ఏ అంచె ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాయండి. మధ్యలో టీకి లేచిన సమయం తీసేయండి, కానీ ఫాంటు కోసం వెతికిన అరగంటను తీసేయకండి.

అంచెలు ఎలా వస్తాయో ఈ పచ్చళ్ల పనినే తీసుకుని చెబుతాను. సీసా చుట్టూ దారం చుట్టి కొలవడంతో మొదలవుతుంది. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సీసా చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. అయితే అరలో పెట్టిన సీసాకు ఎదురుగా నిలబడినవారికి తేటగా కనిపించేది అందులో మూడో వంతే. 'గోంగూర' అనే మాట ఆ 7 సెంటీమీటర్లలో పట్టాలి. కంప్యూటరు మీద 22 సెంటీమీటర్లూ పరచి అందంగా చేసిన అక్షరం సీసా మీద వంగి 'గోం' దగ్గరే ఆగిపోతుంది. ఫోనులో మాట్లాడటం, కొలతలు, పాత లేబుల్ చదవడం, అన్నీ కలిపి 1 గంట.

తర్వాత వివరాల సేకరణ. కోర్సుల్లో దీన్ని ఎవరూ చెప్పరు. ఆహార పదార్థం లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య, శాకాహారపు గుర్తు, ఏది ఎక్కువ ఉంటే అది ముందు వచ్చేలా పదార్థాల జాబితా, పోషక వివరాలు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా ఉండాలి. బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, ఎప్పటి లోపు వాడాలన్న తేదీ తర్వాత ముద్ర కొడతారు కాబట్టి వాటికి ఖాళీ జాగా వదలాలి. ఆయన రొయ్యల పచ్చడి కూడా అమ్ముతుంటే దానికి ఆకుపచ్చ చుక్క కాకుండా గోధుమరంగు త్రికోణం వస్తుంది. ఈ వివరాలు సరైనవని చెప్పే బాధ్యత వ్యాపారిదే. కానీ అడిగి రాబట్టి, చిన్న జాగాలో చదవగలిగేలా అమర్చే పని మీది. 1.5 గంటలు వేయండి.

రెండు రకాల చిత్తు డిజైన్లకు 3 గంటలు. ఆయన ఎంచుకున్నదాన్ని ఆవకాయకు పూర్తిగా చేయడానికి 3. అదే అచ్చును మాగాయకు, గోంగూరకు మార్చడానికి 2. రెండు విడతల మార్పులకు 2. ప్రింటు ఫైలు సిద్ధం చేసి, ప్రెస్సువారితో మాట్లాడి, నమూనా చూసుకోవడానికి 1.5. కూడితే 14 గంటలు. 350తో గుణిస్తే 4,900.

ఇది చేయి తిరిగినవారి సమయం. మీరు సాధన కోసం చేసినప్పుడు 22 గంటలు పట్టవచ్చు. తెలుగు ఫాంట్ల దగ్గరే నాలుగు గంటలు పోతాయి, నాకు తెలుసు. యూనికోడ్ ఫాంటు పెట్టి టైపు చేస్తే ఇల్లస్ట్రేటర్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి. దక్షిణాసియా లిపుల కోసం ఉన్న కంపోజర్‌ను సెట్టింగుల్లో ఎంచుకుంటే సర్దుకుంటాయని తెలిసేసరికి పొద్దుపోతుంది. ఈ తడబాటు ఖర్చు క్లయింటుది కాదు, మీది. బిల్లులో 14 గంటలే వేయండి, 22 వేయకండి. అప్పుడు మీకు నిజంగా దక్కేది గంటకు 223 రూపాయలే అవుతుంది. అనుభవం లేనందుకు మీరు కట్టే రుసుము అదే, వేరే తగ్గింపు అక్కర్లేదు.

ఎలాగూ 223 దక్కుతున్నప్పుడు రేటే 220 అని చెప్పేస్తే ఏం పోయిందని అడగవచ్చు. చాలా పోతుంది. నాలుగో పనికల్లా మీ 22 గంటలు 15 అవుతాయి. రేటు 350 అయితే మీ వేగం పెరిగిన లాభం మీకే వస్తుంది, ఎవరినీ అడగనక్కర్లేదు. రేటు 220 అని చెప్పి ఉంటే, పెంచడానికి మళ్లీ ఆ మనిషి ముందు కూర్చుని నచ్చజెప్పాలి. చుట్టాల ద్వారా వచ్చిన క్లయింటు అయితే ఆ మాట ఎత్తడమే కష్టం.

చవక రేటుకు ఇంకో జబ్బు ఉంది, దాన్ని నేను స్వయంగా అనుభవించాను. మొదట్లో నేనూ గంటకు 100 అనే చెప్పాను. పెళ్లి శుభలేఖ చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వినాయకుణ్ణి ఎడమకు జరిపించారు, కుడికి జరిపించారు, కలశం పెట్టించారు, తీయించారు. నేను గడియారం వైపు చూస్తే, "గంటకు వందేగా బాబూ, ఇంకో గంట కూర్చుందాం" అన్నారు. ఆయనలో దుర్బుద్ధి లేదు. నా సమయానికి నేను కట్టిన విలువనే ఆయనా కట్టారు.

ఇక పచ్చళ్ల వ్యాపారికి 4,900 చెప్పగానే వచ్చే మాట ఊహించడం కష్టం కాదు. "ప్రింటింగ్ మా దగ్గరే చేయిస్తే డిజైన్ ఉచితమని ఫ్లెక్సీ షాపులో అన్నారు." ఇది అబద్ధం కాదు. వారు డిజైన్ ఖర్చును ప్రింటింగ్‌లో రాబట్టుకుంటారు, పాత ఫైలు ఒకటి తెరిచి పేరు మార్చి ఇరవై నిమిషాల్లో ఇస్తారు. దానితో ధరలో పోటీ పడకండి, ఓడిపోతారు. "వారిచ్చే లేబుల్ మీకు సరిపోతుందనుకుంటే అక్కడే చేయించండి" అని నవ్వుతూ చెప్పండి. సరిపోవట్లేదు కాబట్టే ఆయన మీ దాకా వచ్చి ఉండవచ్చు. సూపర్‌మార్కెట్ అరలో పెట్టాలనో, హైదరాబాదుకో అమెరికాకో పంపాలనో ఆయనకు ఆలోచన ఉందేమో ముందే అడిగి తెలుసుకోండి.

ఆయన దగ్గర నిజంగా 3,500 మాత్రమే ఉంటే రేటు ముట్టుకోకుండా పని తగ్గించండి. చిత్తు డిజైన్లు రెండు కాకుండా ఒకటే. మూడు రకాలకూ ఒకే లేబుల్, పచ్చడి పేరు వచ్చే పట్టీ రంగు మాత్రమే మారుతుంది. మార్పులు ఒక్క విడతే. 14 గంటల పని 10 గంటలకు దిగుతుంది, 350 చొప్పున 3,500. రేటు తగ్గించి అదే పని చేస్తే, మొదట చెప్పిన ధర ఉత్తిదేనని మీరే ఒప్పుకున్నట్టు.

మొదటి రెండు పనులకు మాత్రం రాయితీ ఇవ్వవచ్చు, కానీ అది బిల్లులో కనిపించాలి. "లేబుల్ డిజైన్, మూడు రకాలు: 4,900. ప్రారంభ రాయితీ: 900. చెల్లించాల్సినది: 4,000." ఇలా రాస్తే మీ ధర 4,900 అన్నది ఆయన మనసులో నిలుస్తుంది. ఆ 900కు బదులు ఏదైనా అడగండి. పనిని మీ పేరుతో చూపించుకునే అనుమతి, సీసాలు కొట్టులో అరల్లో ఉన్నప్పుడు ఫొటో తీసుకునే వీలు, తర్వాత వచ్చేవారు ఫోను చేస్తే రెండు మాటలు చెప్పడం. మీకు లేనిది అదే కదా, దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. సాధన కోసం చేసిన కల్పిత లేబుల్‌ను కూడా చూపించండి, కాకపోతే అది సాధన పనేనని కింద రాయండి. నిజం క్లయింటు పనిలా చూపిస్తే ఒక్క ఫోనులో బయటపడుతుంది.

సగం డబ్బు ముందు తీసుకోండి. రెండు విడతల మార్పులు ధరలోనే ఉన్నాయని, ఆ పైన ప్రతి గంటకు 350 అని వాట్సాప్‌లోనైనా రాసి పంపండి. మీ గంట రేటు క్లయింటుకు కనిపించేది ఈ ఒక్క చోటే. విచిత్రం ఏమిటంటే, ఆ వాక్యం రాశాక మూడో విడత మార్పులు అడిగేవారు బాగా తగ్గిపోతారు.

నిజంగా గంట లెక్కన అడిగేవారు కూడా ఉంటారు. పని ఎక్కువై బయటికిచ్చే ఏజెన్సీలు, విదేశాల్లో ఉన్న క్లయింట్లు. కొత్తవారికి ఇందులో ఇబ్బంది ఉంది. మెల్లగా చేస్తే అనుమానిస్తారు, వేగంగా చేస్తే మీకే తక్కువ వస్తుంది. అందుకే "గంటకు 350, ఈ పనికి 14 గంటలు మించవు" అని గరిష్ఠం చెప్పండి. ఫైవర్ లాంటి చోట పని చేస్తే అది మీ సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది. చాలామంది 350కి 20 శాతం కలిపి 420 పెడతారు. 420లో 20 శాతం పోతే చేతికి వచ్చేది 336. 350ని 0.8తో భాగించాలి, అప్పుడు 438 వస్తుంది.

పన్నుల గురించి రెండు మాటలు చాలు. ఏడాదికి 20 లక్షల ఆదాయం దాటేదాకా, ఇలాంటి స్థానిక సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ అని వేసి వసూలు చేయకూడదు. కంపెనీలు మీకు ఒక ఆర్థిక సంవత్సరంలో 50,000 మించి ఇస్తే వృత్తి రుసుము కింద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. ఆ డబ్బు పోయినట్టు కాదు, మీ పాన్ పేరున జమ అవుతుంది. మీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. అందుకని దాన్ని భర్తీ చేయడానికి రేటు పెంచకండి. కాకపోతే ఆ డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది.

ప్రింటు ఫైలుకు వేసిన గంటన్నరను మాత్రం ఎవరు బతిమాలినా కోయకండి. ఒకసారి అను ఫాంట్లతో చేసిన కరపత్రాన్ని కోరల్ డ్రాలో అక్షరాలను కర్వులుగా మార్చకుండా పంపేశాను. ప్రెస్సులో ఆ ఫాంటు లేదు. వెయ్యి కాగితాల మీద తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా అచ్చయ్యాయి. నమూనా చూసి సరే అన్నదీ నేనే, ఫోనులో, చిన్న ఫొటోలో. మళ్లీ అచ్చు వేయించిన ఖర్చు నాది. మీరు కర్వులుగా మార్చి, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలి, ప్రెస్సుకు వెళ్లి కాగితం మీదే నమూనా చూడండి. లేబుల్ అయితే నూనె చేత్తో ఒకసారి పట్టుకుని చూడండి. లామినేషన్ లేని కాగితం నూనె పీల్చి మరక పడుతుంది. ఆ సంగతి వ్యాపారికి ముందే చెబితే మీకు అనుభవం లేదన్న మాట ఆయన మరిచిపోతాడు.

రేటు ఎప్పుడు పెంచాలంటే, బిల్లు వేసిన గంటలు వరుసగా రెండు నెలలు 80 దాటినప్పుడు. కొత్తగా వచ్చేవారికి 450 చెప్పండి. పాతవారికి చేతిలో ఉన్న పని పూర్తయ్యాక, వచ్చే పని నుంచి కొత్త రేటు అని చెప్పండి.

ఈ పని అయ్యాక, అంచనా వేసిన గంటల పక్కన నిజంగా పట్టిన గంటలు రాసి దాచుకోండి. రెండో క్లయింటుకు ధర చెప్పేటప్పుడు మీకు పనికొచ్చేది ఆ కాగితమే. నా కాగితాల్లో ఇప్పటికీ ఎక్కువసార్లు తప్పే గడి వివరాల సేకరణ. గంటన్నర అని రాస్తాను, లైసెన్సు సంఖ్య ఇవాళ, పదార్థాల జాబితా ఎల్లుండి, చిరునామాలో పిన్‌కోడ్ తప్పని వచ్చే వారం, ఇలా నాలుగు గంటలవుతుంది. అందుకే ఇప్పుడు నా కొటేషన్ మీద ఒక వాక్యం ఉంటుంది: "వివరాలన్నీ చేతికి అందిన రోజు నుంచి పది రోజుల్లో ఇస్తాను." మీరూ పెట్టుకోండి.